తుప్పు పట్టిన ఇంజిన్‌కు కిక్ కొట్టకు, తమ్ముడూ

నల్లగొండ

తమ్ముడూ,

దేవరకొండ ఇంటి కొట్టంలో పడి ఉన్న రాజ్‌దూత్ మోటార్‌సైకిల్‌ను ఈ సెలవుల్లో మనవడితో కలిసి బాగుచేస్తానని ఫోనులో అన్నావు. నిరుడు వేసవిలో నేను, నా మనవడు అదే పని చేశాం కనుక ఒక్క మాట ముందే చెబుతున్నాను. కిక్ మీద కాలు పెట్టకు, వాడిని కూడా పెట్టనివ్వకు.

మా బండి పన్నెండేళ్లు కదలలేదు. మావాడికి పదిహేనేళ్లు, ఆత్రం ఎక్కువ. వచ్చిన మర్నాడే ఒళ్లు బరువంతా వేసి కొట్టాడు. లోపల టక్కుమంది, కిక్ రాడ్ కిందికి జారి అక్కడే ఉండిపోయింది. పిస్టన్ సిలిండర్ గోడకు తుప్పుతో అతుక్కున్నప్పుడు తొక్కిన బలమంతా కిక్ గేరు పళ్ల మీద పడుతుంది. మావి రెండు పళ్లు విరిగాయి. వాడు ఆ రోజు అన్నం సరిగా తినలేదు. నేను తిట్టలేదు, ముందే చెప్పకపోవడం నా తప్పు.

నువ్వు ముందు బండిని న్యూట్రల్‌లో తోసి చూడు. చక్రం తిరుగుతూ, గేరు వేయగానే రాయిలా ఆగిపోతే పట్టేసింది పిస్టనే అనుకో. తర్వాత ప్లగ్, సైలెన్సర్ విప్పి, సైలెన్సర్ తగిలే రంధ్రంలోకి టార్చి వెయ్యి. పిస్టన్ పక్కభాగం ఆ రంధ్రాన్ని మూసి ఉంటే నీ అదృష్టం, పైన పోసిన నూనె అక్కడే నిలుస్తుంది. రంధ్రం తెరిచి ఉంటే పోసినది పోసినట్టు సైలెన్సర్ దారిలోకి, కింద క్రాంక్ గదిలోకి పోతుంది. అప్పుడు హెడ్ విప్పి, పిస్టన్ అంచు చుట్టూ రోజూ కొద్దికొద్దిగా పూయాలి.

మాది మూసి ఉంది. డీజిల్, ఇంజిన్ ఆయిల్ సగం సగం కలిపి, ప్లగ్ రంధ్రంలోంచి 50 మిల్లీలీటర్లు పోశాం. బండిని పగలు ఎండలో ఉంచాం. మన మే నెల ఎండకు సిలిండర్ వేడెక్కి, రాత్రి చల్లబడుతుంటే ఆ సందుల్లోకి నూనె మెల్లగా దిగుతుంది. మంట పెట్టి వేడిచేయమని ఎవరైనా చెబితే వినకు, లోపల ఉన్నది డీజిల్. మావాడు రోజూ పొద్దున్నే చీపురు పుల్ల దించి నూనె మట్టం కొలిచి నోటుపుస్తకంలో రాసేవాడు. నాలుగు రోజులు గీత కదలలేదు. "తాతా, ఇది ఇక కాదు" అన్నాడు. అయిదో రోజు మట్టం సగానికి దిగింది. నూనె పిస్టన్ రింగుల పక్కనుంచి పోతున్నదన్న గుర్తు అదే. మళ్లీ పోశాం.

తొమ్మిదో రోజు టాప్ గేరు వేసి, వెనుక చక్రాన్ని ముందుకూ వెనక్కూ చేతులతో ఊపాం. ప్లగ్ విప్పే ఉంచాలి. అంగుళం కదిలింది, సాయంత్రానికి పూర్తిగా తిరిగింది. అంతటితో ఆపాలి. తుప్పు పొడి మీద పిస్టన్‌ను పదేపదే తిప్పితే సిలిండర్ గీతలు పడుతుంది. సిలిండర్‌ను చెక్కముక్క ఆనించి మెల్లగా తట్టి పైకి లాగు. దాని చుట్టూ ఉన్న రెక్కల మీద కొట్టకు, విరుగుతాయి.

సిలిండర్ తీయగానే క్రాంక్ గది నోట్లో శుభ్రమైన గుడ్డ కుక్కు. పిస్టన్ పిన్ను పట్టి ఉంచే క్లిప్పు చిన్నది, ఎగిరి లోపల పడితే ఇంజిన్ మొత్తం విప్పాల్సి వస్తుంది. మా సిలిండర్ గోడలో గోటికి తగిలేంత గుంటలు ఉన్నాయి. లేత్ షాపులో బోరింగ్ చేయించాం. ముందు ఓవర్‌సైజ్ పిస్టన్ కొని చేతిలో పెట్టుకుని వెళ్లు, దాన్ని కొలిచే బోరు కోయాలి.

తిరిగి బిగించేటప్పుడు ఒక చోట మాత్రం తొందర వద్దు. పిస్టన్ గాడిలో చిన్న మేకు ఉంటుంది, రింగు రెండు కొసలూ దానికి అటూ ఇటూ కూర్చోవాలి. అవి పక్కకు జరిగితే సిలిండర్ గోడలోని ఏదో ఒక రంధ్రంలో చిక్కి రింగు విరుగుతుంది. మావాడి వేళ్లు సన్నవి, ఆ పని వాడే చేశాడు. నేను సిలిండర్ దించుతుంటే ఊపిరి బిగబట్టి చూశాడు.

పాత ట్యాంకు జోలికి పోకుండా చిన్న సీసాలో పెట్రోలు, లీటరుకు 50 మిల్లీలీటర్ల చొప్పున టూటీ ఆయిల్ కలిపి మొదటిసారి స్టార్ట్ చేశాం. ఇంజిన్ నీ మాట వినకుండా దానంతటదే రేసు అవుతుంటే, తెల్లపొగ ఆగకుండా వస్తుంటే, క్రాంక్ సీళ్లు ఎండిపోయి గాలీ గేరుబాక్సు నూనే లోపలికి లాగుతున్నాయని అర్థం. వెంటనే ఆపెయ్యి. మాకు అదే జరిగింది, సీళ్లు మార్చేసరికి ఇంకో వారం పట్టింది.

ఆర్‌సీ గడువు చూసుకో, పదిహేనేళ్లు దాటితే రెన్యువల్ చేయించాకే రోడ్డెక్కాలి. పిల్లవాడికి గేర్ల బండి లైసెన్సు 18 ఏళ్లకు గానీ రాదు. పానగల్ చెరువు దాకా నేనే నడిపాను, హెల్మెట్ పెట్టుకుని వాడు వెనక కూర్చున్నాడు. దారంతా ఇంజిన్ చప్పుడు వింటూ, ఎక్కడైనా తేడా వస్తే నా భుజం తట్టాడు.

ప్లగ్ విప్పి, టార్చి వేసి, రంధ్రం మూసి ఉందో తెరిచి ఉందో చూసి నాకు ఫోను చెయ్యి. అప్పటిదాకా నూనె పొయ్యకు.

మీ అన్నయ్య