అన్‌లాక్ చేయమని కాదు, ఏ డివైసో చూడమని రాయండి

ప్రశ్న: కాలేజీ అకౌంట్ పాస్‌వర్డ్ సోమవారం సాయంత్రం మార్చాను. మర్నాటి నుంచి రోజూ లాక్ అయిపోతోంది. మొదటిరోజు ల్యాబ్‌లో రెండుసార్లు తప్పు కొట్టిన మాట నిజమే. ఆ తర్వాత ముట్టుకోకపోయినా లాకే! ఐటీ డెస్క్‌లో అన్‌లాక్ చేస్తారు, అరగంటలో మళ్లీ మొదటికి వస్తుంది. సాయంత్రం ఇంటికొచ్చి ల్యాప్‌టాప్‌లో చూస్తే మామూలుగా తెరుచుకుంటుంది. ఫోన్‌లో మొబైల్ డేటానే వాడతాను. ఇప్పుడు డెస్క్ వాళ్లు ‘వివరంగా లెటర్ రాసివ్వు’ అంటున్నారు. అందులో ఏం రాయాలి?
– బీటెక్ మూడో సంవత్సరం విద్యార్థిని, చీపురుపల్లి, విజయనగరం జిల్లా

జవాబు: నా అనుమానం మీ ఫోన్ మీదే. డేటా వాడుతున్నా వైఫై బటన్ ఆన్‌లో ఉంటే, ఎప్పుడో సేవ్ చేసిన కాలేజీ వైఫై కనపడగానే ఫోన్ దానికి కనెక్ట్ అవ్వాలని చూస్తుంది. చాలా కాలేజీల్లో వైఫైకీ, పోర్టల్‌కీ, ల్యాబ్ సిస్టమ్‌లకీ ఒకటే యూజర్‌నేమ్, ఒకటే పాస్‌వర్డ్. మీరు సోమవారం మార్చింది ఆ పాస్‌వర్డే. ఆ సంగతి ఫోన్‌కి తెలియదు కాబట్టి బ్యాగులో కూర్చుని పాతదే పంపుతూ ఉంటుంది. గేటు దగ్గర ఒకసారి, మెట్ల దగ్గర ఒకసారి, క్లాసులో మరోసారి. డేటా నడుస్తోంది కాబట్టి వైఫై కలవలేదన్న సంగతి మీ కంట పడదు. లెక్క మాత్రం అక్కడ సర్వర్‌లో పడిపోతుంది.

ఆ లెక్క ఎలా నడుస్తుందో తెలిస్తే లెటర్‌లో టైములు ఎందుకు రాయాలో అర్థమవుతుంది. లాక్ పద్ధతిలో సాధారణంగా మూడు అంకెలు ఉంటాయి: ఎన్ని తప్పులకు లాక్ పడాలి, ఆ తప్పులు ఎంతసేపట్లో జరగాలి, పడిన లాక్ ఎంతసేపు ఉండాలి. ఉదాహరణకు విండోస్ 11ను కొత్తగా ఇన్‌స్టాల్ చేస్తే 10 తప్పులకు 10 నిమిషాల లాక్ డిఫాల్ట్‌గా వస్తోంది. కాలేజీ సర్వర్‌లో అంకెలు ఎంత పెట్టాలన్నది అక్కడి అడ్మిన్ ఇష్టం. మీ దగ్గర 5 తప్పులకు 30 నిమిషాలు అనుకుందాం. మీరు చేతులారా కొట్టినవి రెండే, మిగతా మూడూ ఫోన్ పూర్తిచేసి ఉంటుంది. సాయంత్రం మీరు కాలేజీ దాటగానే ఫోన్‌కి ఆ వైఫై అందదు, గడువు తీరి లాక్ దానంతట అదే పోతుంది. ఇంట్లో బాగానే తెరుచుకుంటోందన్న మీ మాటే ఇందులో పెద్ద ఆధారం. లెటర్‌లో అది తప్పకుండా ఉండాలి.

మామూలుగా ఐటీ డెస్క్‌కి వచ్చే లెటర్లు ‘సర్, నా అకౌంట్ ఓపెన్ అవ్వడం లేదు, దయచేసి సరిచేయగలరు’ అన్న ఒక్క వాక్యంతో అయిపోతాయి. దాన్ని చదివి వాళ్లు చేయగలిగింది అన్‌లాక్ బటన్ నొక్కడమే. నిజానికి వాళ్ల దగ్గర లాగ్ ఉంటుంది. ఫెయిలైన ప్రతి లాగిన్‌కీ యూజర్‌నేమ్, టైమ్, అది వచ్చిన చోటు అందులో నమోదవుతాయి. ల్యాబ్ సిస్టమ్ అయితే ఆ కంప్యూటర్ పేరు, వైఫై అయితే ఏ డివైస్ అడిగిందో దాని మ్యాక్ అడ్రస్, అంటే నెట్‌వర్క్‌లో ఆ డివైస్‌ని గుర్తుపట్టే అంకెలు, అక్షరాల వరస. మొత్తం కాలేజీ లాగిన్‌లన్నీ కలిసి పడే ఆ లాగ్‌లో మీ వరసలు వెతకాలంటే టైమ్ కావాలి. ‘మంగళవారం పొద్దున్న’ అంటే సరిపోదు, ‘9:06 నుంచి 9:12 మధ్య’ అనాలి. ఆ టైమ్ కూడా మీ ఫోన్ గడియారం చూసి రాయండి. బయోస్ బ్యాటరీ అయిపోయిన ల్యాబ్ సిస్టమ్‌లలో గడియారం ఎక్కడో ఉంటుంది, దాన్ని నమ్మలేం. పక్కన ‘భారత కాలమానం’ అని వేసినా మంచిదే. క్లౌడ్ సర్వీసుల లాగ్‌లు కొన్నిచోట్ల యూటీసీ అనే ప్రపంచ ప్రామాణిక కాలంలో కనిపిస్తాయి. మన ఉదయం 9:12 అక్కడ 3:42 అవుతుంది, చూసేవాళ్లు తొందరలో ఉంటే దాటిపోతారు.

ఇక మ్యాక్ అడ్రస్. ఎక్కువమంది తప్పు అంకె రాసేది ఇక్కడే. ఫోన్‌లో About phone లోకి వెళ్లి అక్కడ కనిపించింది రాసేస్తారు. ఆండ్రాయిడ్ 10 నుంచి ఫోన్లు ఒక్కో వైఫైకి ఒక్కో ర్యాండమ్ మ్యాక్ చూపించడం మామూలైపోయింది. ఐఫోన్లలో ఐఓఎస్ 14 నుంచి Private Wi-Fi Address పేరుతో అదే పని జరుగుతోంది. కాబట్టి About phone లో ఉన్న అంకె కాలేజీ లాగ్‌లో ఎక్కడా దొరకకపోవచ్చు. సెట్టింగ్స్‌లో వైఫై తెరిచి, కాలేజీ నెట్‌వర్క్ పేరు పక్కనున్న గుర్తు నొక్కితే వచ్చే వివరాల్లో ఉన్న మ్యాక్ రాయండి. రెండో అక్షరం 2, 6, A, E లలో ఒకటైతే అది ర్యాండమ్‌గా తయారైనదని గుర్తు. ఈ పని నెట్‌వర్క్‌ను Forget చేయకముందే చేయాలి. చేశాక ఆ పేజీ మీకు కనిపించదు, ఆధారం పోతుంది.

ల్యాప్‌టాప్ వివరాలకు కమాండ్ ప్రాంప్ట్ తెరిచి ఈ రెండూ కొట్టండి. మొదటిది కంప్యూటర్ పేరు చెబుతుంది, రెండోది మ్యాక్ అడ్రస్‌లు చూపిస్తుంది.

```
hostname
getmac /v
```

తెరపై వచ్చిన మెసేజ్‌ని ఉన్నదున్నట్టు రాయండి. ‘ఎర్రర్ వచ్చింది’ అంటే ఏమీ చెప్పనట్టే. ల్యాబ్‌లో విండోస్ సిస్టమ్ మీద The referenced account is currently locked out and may not be logged on to అని వస్తే అది లాక్. The user name or password is incorrect అని వస్తే అది ఇంకా లాక్ కాదు, పాస్‌వర్డ్ తేడా. రెండింటికీ వాళ్లు వెతికే చోటు వేరు. అయితే కొన్ని వెబ్ పోర్టళ్లు లాక్ పడినా పైకి పాస్‌వర్డ్ తప్పనే చూపిస్తాయి, అలాంటప్పుడు సరైన పాస్‌వర్డ్ కొట్టినా తలుపు తెరుచుకోదు. టెన్షన్‌లో మళ్లీ మళ్లీ కొట్టకండి. రెండోసారితో ఆపి టైమ్ రాసుకోండి.

ఇవన్నీ కలిపితే మీ లెటర్ ఇలా ఉంటుంది. తేదీలు, అంకెలు నమూనాకే. మీ కాలేజీలో ఇంగ్లిష్‌లోనే ఇవ్వాలంటే అలాగే ఇవ్వండి, వివరాలు మాత్రం తగ్గించకండి.

> ఐటీ డెస్క్ ఇన్‌చార్జి గారికి,
>
> విషయం: అకౌంట్ పదేపదే లాక్ అవడం – కారణమైన డివైస్ తెలపమని వినతి
>
> నేను సీఎస్ఈ మూడో సంవత్సరం విద్యార్థినిని. యూజర్‌నేమ్: (మీ రోల్ నంబర్). ఆగస్టు 4, సోమవారం సాయంత్రం 4:40కి పోర్టల్‌లో పాస్‌వర్డ్ మార్చాను. మర్నాడు ఉదయం 9:10కి ల్యాబ్ 2, సిస్టమ్ 17లో రెండుసార్లు తప్పుగా టైప్ చేశాను. 9:12కి లాక్ అయినట్టు మెసేజ్ వచ్చింది, ఫోటో జతచేశాను. 10:30కి మీరు అన్‌లాక్ చేశారు. ఆ తర్వాత నేను ఎక్కడా లాగిన్ చేయలేదు. 10:55కి చూస్తే మళ్లీ లాక్ అయి ఉంది. అదేరోజు రాత్రి 7:30కి ఇంట్లో ల్యాప్‌టాప్ నుంచి మొదటిసారికే లాగిన్ అయింది. బుధ, గురువారాల్లోనూ ఇదే వరస: కాలేజీలో ఉన్నంతసేపు లాక్, ఇంట్లో మామూలు.
>
> నేను వాడే డివైస్‌లు రెండు. ఆండ్రాయిడ్ ఫోన్: కాలేజీ వైఫై వివరాల్లో కనిపించిన మ్యాక్ `5e:21:8b:40:7d:c3`. ఇందులో వైఫై మొదటి సంవత్సరంలో సేవ్ చేసింది, పాస్‌వర్డ్ మార్చాక సరిచేయలేదు. విండోస్ ల్యాప్‌టాప్: పేరు `DESKTOP-4Q7LK2M`, ఇంట్లోనే ఉంటుంది.
>
> మంగళవారం 9:00–9:15 మధ్య, 10:30–10:55 మధ్య నా యూజర్‌నేమ్‌తో ఫెయిలైన లాగిన్‌లు ఏ డివైస్ నుంచి వచ్చాయో చూసి చెప్పగలరు. అవి పై రెండింటివీ, సిస్టమ్ 17దీ కాకపోతే ఆ విషయం నాకు తెలియజేయగలరు.

ఈ లెటర్‌లో పనిచేసే భాగం 10:30 నుంచి 10:55 వరకూ ఉన్న ఆ 25 నిమిషాలు. ఆ సమయంలో మీరు ఏమీ టైప్ చేయలేదు కాబట్టి లాగ్‌లో ఏం కనిపించినా అది మీ వేళ్ల తప్పు కాదు, ఎక్కడో సేవ్ అయి ఉన్న పాస్‌వర్డ్ పని, లేదా వేరే మనిషి పని. 9:10 నాటి రెండు తప్పులూ దాచకుండా రాయడం కూడా అందుకే. అవి రాయకపోతే డెస్క్‌లో సిస్టమ్ 17 చూసి ‘నువ్వే కొట్టావు కదమ్మా’ అని ఫైల్ మూసేస్తారు.

ఆ రెండు తప్పులకీ ఒక కారణం ఉండొచ్చు, ల్యాబ్‌లో నేను చాలాసార్లు చూసిందే. ముందు కూర్చున్నవాళ్లు కీబోర్డ్‌ని తెలుగులోకి మార్చి వదిలేస్తారు. పాస్‌వర్డ్ గడిలో చుక్కలే కనిపిస్తాయి కాబట్టి ఏ అక్షరాలు పడుతున్నాయో తెలియదు. యూజర్‌నేమ్ గడిలో ముందు నాలుగు అక్షరాలు కొట్టి చూసుకుంటే చాలు.

లెటర్ ఇచ్చే ముందు మరో సంగతి గుర్తుచేసుకోండి. మీ లాగిన్‌తో స్నేహితురాలి ఫోన్‌లోనో, హాస్టల్లో ఉండే జూనియర్ ట్యాబ్‌లోనో వైఫై పెట్టిచ్చారా? అది రూల్స్‌కి విరుద్ధమని చాలామంది దాస్తారు. దాచినా లాగ్‌లో మూడో మ్యాక్ కనిపిస్తుంది, అప్పుడు దొంగ లాగిన్ అనుకుని హడావిడి మొదలవుతుంది. పెట్టిచ్చి ఉంటే లెటర్‌లో రాసేయండి. పెట్టకుండానే మూడో మ్యాక్ కనిపిస్తే, లేదా మీరు రైల్లో ఉన్న టైముకి ల్యాబ్ సిస్టమ్ నుంచి తప్పులు పడి ఉంటే, అప్పుడు ఎవరో మీ పాస్‌వర్డ్ ఊహిస్తున్నారని అనుమానించాలి. యూజర్‌నేమ్ రోల్ నంబరే కాబట్టి సగం పని వాళ్లకి ముందే అయిపోయింది.

పాస్‌వర్డ్ మాత్రం, పాతదైనా సరే, లెటర్‌లో రాయకండి. కాలేజీ మెయిల్ కూడా లాక్‌లో ఉంటే సొంత మెయిల్ నుంచి పంపడం కన్నా కాగితం మీద రాసి ఐడీ కార్డుతో వెళ్లి ఇవ్వడమే నయం. బయటి మెయిల్ చూసి అన్‌లాక్ చేసే డెస్క్ అయితే, రేపు మీ పేరుతో ఇంకెవరు రాసినా చేస్తుంది. లాగ్‌లు ఎక్కువ రోజులు ఉంచని చోట్లు ఉంటాయి, వారం ఆగకుండా ఇవ్వండి.

అన్‌లాక్‌కి ముందు డెస్క్ దగ్గరే నిలబడి ఫోన్‌లో ఆ నెట్‌వర్క్‌ని Forget చేయండి. మెయిల్ యాప్‌లో కాలేజీ అకౌంట్ ఉంటే అందులోనూ పాస్‌వర్డ్ మార్చండి. అప్పుడు అన్‌లాక్ చేయించుకుని, ఒక్క సిస్టమ్‌లో లాగిన్ అయి, అది నిలిచాక ఫోన్‌లో కొత్త పాస్‌వర్డ్‌తో వైఫై మళ్లీ కలపండి. వరస తిరగబడితే అన్‌లాక్ చేసిన నిమిషానికే ఫోన్ మళ్లీ లాక్ చేయించేస్తుంది. ఇంత చేసినా లాక్ పడితే, ఒక పూట ఫోన్ పూర్తిగా స్విచాఫ్ చేసి చూడండి. అప్పుడూ పడితే పాత లెటర్ కాపీ కింద ‘ఫోన్ 9 నుంచి 12 వరకు స్విచాఫ్, 11:20కి లాక్’ అని ఒక్క వరస చేర్చి మళ్లీ ఇవ్వండి. ఫోన్‌ని పక్కనపెట్టి వేరే డివైస్ వెతకడానికి వాళ్లకి అది సరిపోతుంది.