17 రాళ్ల వాచీ, 25 రాళ్ల వాచీ

ప్రశ్న: "మా నాన్నగారి కీ వాచీ డయల్ మీద 17 జువెల్స్ అని ఉంది. నేను కొనాలనుకుంటున్న ఆటోమేటిక్‌లో 25 ఉన్నాయట. జువెల్స్ ఎక్కువ ఉంటే వాచీ మంచిదేనా? అసలు లోపల అవి చేసే పని ఏమిటి?"

మంచిదని చెప్పలేము. నేను బెంగళూరులో అవెన్యూ రోడ్డుకు దగ్గరలోని ఒక సందులో వాచీలు బాగుచేస్తుంటాను, ఈ అనుమానంతో వచ్చేవారిని తరచూ చూస్తుంటాను. కీ ఇచ్చే మామూలు వాచీలో మొదటి 17 రాళ్లలో ప్రతి ఒక్కదానికీ ఒక నిర్దిష్టమైన పని ఉంది. ఆ తరువాత చేర్చే రాళ్లలో కొన్నింటికి పని ఉంటుంది, కొన్నింటికి నామమాత్రంగా ఉంటుంది, కొన్నింటికి బొత్తిగా ఉండదు.

చక్రాలు ఎంత వేగంగా తిరుగుతాయో చూస్తే రాళ్ల అవసరం తేలిగ్గా తెలుస్తుంది. సాధారణ అమరికలో మధ్య చక్రం గంటకు ఒక్క చుట్టు, అంటే రోజుకు 24 చుట్లు తిరుగుతుంది. గంటకు 18,000 సార్లు టిక్‌మనే వాచీలో, స్ప్రింగు బలాన్ని ఒక్కో పన్ను చొప్పున వదిలే ఎస్కేప్ చక్రం నిమిషానికి పది చుట్లు, అంటే రోజుకు 14,400 చుట్లు తిరుగుతుంది. వాచీ లయను నిలిపే బ్యాలెన్స్ చక్రం ఒకే దిక్కున తిరుగుతూ పోదు, అటూ ఇటూ ఊగుతుంది. ఆ ఊపులు రోజుకు 4,32,000, ఒక్కో ఊపు దాదాపు ఒకటిన్నర చుట్టు. ఇంత చాకిరీ చేసే బ్యాలెన్స్ ఇరుసు మొన మందం మిల్లీమీటరులో సుమారు పదోవంతు. అంత సన్నని ఉక్కు మొనను ఇత్తడి రంధ్రంలో తిప్పితే దుమ్ములోని గట్టి రేణువులు మెత్తని ఇత్తడిలో దిగబడి కూర్చుంటాయి, అక్కడి నుంచి ఉక్కును అరగదీస్తాయి. అందుకే రంధ్రాన్ని ఇత్తడిలో కాక కెంపులో తొలుస్తారు. కెంపులో రేణువులు దిగబడవు, దాని ఉపరితలాన్ని అద్దంలా నునుపు చేయవచ్చు, రంధ్రం చుట్టూ ఉండే చిన్న పళ్లెం వంటి గుంట నూనె చుక్కను పారిపోకుండా పట్టి ఉంచుతుంది.

ఇక 17 లెక్కకు వద్దాము. బ్యాలెన్స్ ఇరుసుకు రెండు చివరలా రెండేసి రాళ్లు ఉంటాయి: మొన దూరే రంధ్రపు రాయి ఒకటి, మొన కొస ఆనుకునే మూత రాయి ఒకటి. ఇవి నాలుగు. బ్యాలెన్స్ మీద నిలబడి ఎస్కేప్ చక్రానికీ బ్యాలెన్స్‌కూ నడుమ ఊగే ప్యాలెట్ నుంచి తోపు అందుకునే రాయి ఒకటి, ప్యాలెట్ చేతుల కొసలలో ఎస్కేప్ చక్రం పళ్లను ఆపుతూ వదులుతూ ఉండే రాళ్లు రెండు. మొత్తం ఏడు. ప్యాలెట్ ఇరుసుకు, ఎస్కేప్ చక్రానికి, నాలుగో చక్రానికి, మూడో చక్రానికి రెండు చొప్పున ఎనిమిది చేరితే 15. మధ్య చక్రానికి రెండు పెడితే 17. ఈ చివరి రెండు టైము కచ్చితత్వానికి పెద్దగా సాయపడవు, కాని మధ్య చక్రం మీద స్ప్రింగు బలం నేరుగా పడుతుంది కనుక దాని రంధ్రం ఏళ్ల తరబడి ఒక పక్కకు కోడిగుడ్డు ఆకారంలో అరిగిపోకుండా కాపాడుతాయి. స్ప్రింగు ఉండే బారెల్‌కు చాలా వాచీలలో రాయి పెట్టరు. అది రోజంతా కలిపి కొన్ని చుట్లే తిరుగుతుంది, దాని మీద భారం మాత్రం అన్నింటికన్నా ఎక్కువ. కెంపు గట్టిదే కాని పెళుసు, కాబట్టి అటువంటి చోట మంచి ఇత్తడి రంధ్రమే చాలు.

ఒక వాచీ విషయం వివరంగా చెబుతాను. అనంతపురం నుంచి వచ్చి జాలహళ్లిలో స్థిరపడిన ఒక పెద్దాయన ఒకసారి నా దగ్గరకు రెండు వాచీలు తెచ్చారు. ఒకటి ఆయన ఉద్యోగంలో చేరిన కొత్తలో కొన్న హెచ్‌ఎంటీ కీ వాచీ, 17 రాళ్లది. రెండోది కొడుకు కొనిచ్చిన ఆటోమేటిక్, 25 రాళ్లది. "ఏమప్పా, ఈ పాతదాన్ని అమ్మితే ఏమన్నా వస్తుందా? చేతికి ఉన్నంతసేపూ బాగనే ఉంటుంది, రాత్రి బల్ల మీద పెడితే పొద్దున్నకి వెనకబడి ఉంటుంది. మా పిల్లోడు రాళ్లు తక్కువ గదా, అంతే ఉంటుంది అంటాడు" అన్నారు. ఎలా పెడతారని అడిగితే, ముఖం పైకి ఉండేలా పెడతానని చెప్పారు.

"అమ్మే మాట తరువాత, మొదట చూద్దాం ఉండండి పెద్దాయనా" అని వాచీకి నిండా కీ ఇచ్చి టైమ్‌గ్రాఫర్ మీద పెట్టాను. ఆ యంత్రం వాచీ చప్పుడు విని బ్యాలెన్స్ నడుమ నుంచి ఒక పక్కకు ఎన్ని డిగ్రీలు ఊగుతున్నదో చెబుతుంది. డయల్ కిందికి ఉన్నప్పుడు 270 డిగ్రీలు వచ్చింది, డయల్ పైకి తిప్పగానే 205కు పడిపోయింది. రాళ్లు తక్కువ కావడమే కారణమైతే రెండు వైపులా ఒకేలా తగ్గాలి. ఒక వైపే తగ్గిందంటే బ్యాలెన్స్ ఇరుసు ఒక కొసన ఇబ్బంది ఉన్నట్టు. వాచీ వెల్లకిలా ఉన్నప్పుడు ఇరుసు బరువంతా వెనక మూత వైపు ఉన్న మూత రాయి మీద నిలుస్తుంది, కనుక వెతకవలసిన చోటు కూడా తెలిసిపోయింది.

వెనక మూత తీసి, ఆ రాయిని పట్టి ఉంచే చిన్న స్ప్రింగును పక్కకు జరిపి, మూత రాయిని బయటకు తీశాను. దాని చదును ముఖం మీదికి పక్కనుంచి వెలుతురు పడేలా పెట్టి లూప్ అనే చిన్న భూతద్దంతో చూస్తే సరిగ్గా నడుమ ఒక మసక చుక్క, దాని చుట్టూ ఇటుక రంగు పొడి కనిపించాయి. నూనె ఎండిపోయినా వాచీని వాడుతూ పోతే ఉక్కు మొన సన్నగా అరిగి తుప్పు పొడిగా మారుతుంది. ఆ ఐరన్ ఆక్సైడే మెరుగు పెట్టేవారు వాడే ఎర్రటి పొడి కూడా. మోస్ కొలతలో 9 కాఠిన్యం ఉన్న కెంపు సైతం ఏళ్ల తరబడి ఆ పొడి కింద నలిగితే గుంట పడుతుంది. గుంటలో కూర్చున్న మొన కొస మీద కాక అంచుల మీద తిరుగుతుంది, రాపిడి పెరుగుతుంది, ఊపు తగ్గుతుంది.

ఈ వాచీని అంతకుముందు ఎవరో "సర్వీసు" చేశారు. యంత్రాన్ని విప్పకుండా పెట్రోలులో ముంచి తీసి, పైనుంచి నూనె చిలకరించి ఇచ్చారని లోపలి జిడ్డు చూస్తేనే తెలిసింది. ఈ పద్ధతి నాకు చాలా బాధ కలిగిస్తుంది. పైన పోసిన నూనె మూత రాయికీ రంధ్రపు రాయికీ నడుమ ఉన్న సన్నని సందులోకి సరిగా చేరదు. ప్యాలెట్ చేతుల మీదికీ బ్యాలెన్స్‌ను వెనక్కి లాగే సన్నని హెయిర్ స్ప్రింగ్ మీదికీ మాత్రం చేరి అక్కడ కొత్త జబ్బు పుట్టిస్తుంది. వాచీ యజమాని డబ్బు ఇచ్చి మరీ వాచీని పాడు చేయించుకున్నట్టు అవుతుంది.

యంత్రం మొత్తం విప్పి కడిగాను. మొన కొసకు మళ్లీ మెరుగు పెట్టి, పాత సామానులో ఉన్న అదే రకం యంత్రం నుంచి మంచి మూత రాయి తీసి వేశాను. దాని మీద మోబియస్ 9010 వంటి పలుచని నూనెను రాయి వెడల్పులో సగానికి కొంచెం పైగా పరుచుకునేంత చుక్క మాత్రమే పెట్టాను. అన్నీ బిగించిన తరువాత డయల్ పైకి 275, కిందికి 272, నిలువుగా పట్టినప్పుడు 240 వచ్చాయి. నిలువులో తగ్గడం సహజం, ఎందుకంటే అప్పుడు మొన కొస కాక పక్క భాగం రంధ్రపు గోడను రాసుకుంటుంది. రాళ్లు అంతకుముందూ పదిహేడే, ఆ తరువాతా పదిహేడే.

ఆయన ముందే రెండో వాచీని కూడా తెరిచి చూపించాను. అందులోనూ టైము నడిపే చక్రాల దగ్గర దాదాపు అవే 17 రాళ్లు ఉన్నాయి. మిగిలిన ఎనిమిదిలో ఎక్కువ భాగం చేయి కదిలినప్పుడు స్ప్రింగు బిగించే రోటర్ వైపు చక్రాలకు పెట్టినవి. అవి వృథా అనను. ఆ చక్రాలు రెండు దిక్కులా తిరుగుతుంటాయి, వాటికి రాళ్లు ఉండవలసిందే. అయితే అవి స్ప్రింగును బిగించడానికి పనికివస్తాయి కాని టైమును సరిదిద్దడానికి కాదు. పైగా రోటర్‌ను ఒక తయారీదారు బాల్ బేరింగ్ మీద తిప్పుతాడు, ఇంకొకరు రాయి మీద తిప్పుతారు. పని ఒకటే అయినా మొదటి వాచీ లెక్కలో ఒక్క రాయి కూడా పెరగదు.

కీ వాచీలలో కూడా 21 రాళ్లవి ఉన్నాయి. వాటిలో ప్యాలెట్‌కూ ఎస్కేప్ చక్రానికీ కూడా మూత రాళ్లు వేస్తారు. దానివల్ల నూనె మరికొంత కాలం నిలుస్తుంది, రాపిడి కొద్దిగా తగ్గుతుంది. అయితే ప్రతి మూత రాయీ సర్వీసులో విడిగా తీసి, కడిగి, నూనె పెట్టవలసిన ఇంకొక చోటు. ఆ ఓపిక లేని మనిషి చేతిలో పడితే 21 రాళ్ల వాచీ 17 రాళ్ల వాచీ కన్నా ముందే మొండికేస్తుంది.

సంఖ్య కోసమే రాళ్లు పెట్టిన కాలం కూడా ఒకటి ఉంది. 1960లలో వాల్థామ్ పేరుతో 100 రాళ్ల వాచీ వచ్చింది. అందులో పనిచేసేవి 17, మిగిలిన 83 రోటర్ అంచు చుట్టూ పొదిగినవి, వాటిని ఏ ఇరుసూ తాకదు. ఇటువంటి లెక్కలు పెరిగిన మీదట 1974లో ఐఎస్ఓ 1112 ప్రమాణం వచ్చి, రాపిడిని నిలకడగా ఉంచడానికీ అరుగుదల తగ్గించడానికీ ఉపయోగపడేదే పనిచేసే రాయి అని నిర్వచించింది. ఈ రాళ్లు విలువైన రత్నాలనుకుని ధర ఎక్కువ చెప్పేవారినీ నమ్మకండి. 1902లో వెర్నోయ్ అనే ఫ్రెంచి రసాయనవేత్త కృత్రిమ కెంపు తయారీ పద్ధతిని ప్రకటించిన నాటి నుంచి ఇవి చవకైన సామానే.

ఆన్‌లైన్‌లో పాత యంత్రాలకు కొత్త రంగు డయల్ వేసి, లోపల 17 ఉన్నా డయల్ మీద ఇంకేదో అంకె అచ్చు వేసి అమ్మడం నాకు మరీ కోపం తెప్పించే సంగతి. డయల్ మీది అంకెను కాక, వెనక మూత తీయించి యంత్రం మీద చెక్కిన అంకెను చూడండి.

మీ నాన్నగారి వాచీని అమ్మకండి. కొన్ని రాత్రులు డయల్ పైకి, కొన్ని రాత్రులు డయల్ కిందికి పెట్టి, ప్రతిసారీ నిండా కీ ఇచ్చి, ఉదయం ఫోన్ టైముతో పోల్చి రాసుకోండి. ప్రతిసారీ ఒకే భంగిమలో వెనకబడుతుంటే ఆ కాగితాన్ని రిపేరు చేసేవారికి చూపించి, రెండు వైపులా ఊపు ఎన్ని డిగ్రీలో కొలిచి చెప్పమని అడగండి. తేడా పది డిగ్రీల లోపే ఉంటే బ్యాలెన్స్ కొసలు బాగున్నట్టే. నలభై, యాభై ఉంటే మూత రాళ్లు బయటకు తీసి మీకు లూప్‌తో చూపించమనండి, చూపించను అంటే వాచీ తీసుకుని ఇంకొక దుకాణానికి వెళ్లండి.