మీ అమ్మ మోకాళ్ళకు కాపడం పెట్టే ముందు

చిరంజీవి శ్రీనుకు మామయ్య దీవెనలు.

నిన్న రాత్రి మీ అమ్మ ఫోను చేసింది. సంక్రాంతికి నువ్వు పది రోజుల సెలవు మీద వస్తున్నావట, వచ్చి రోజూ తన మోకాళ్ళకు నూనె మర్దన చేసి కాపడం పెడతానన్నావట. కొడుకు చేత కాళ్ళు పట్టించుకోవడం ఏం మర్యాద అని ఒకపక్క సిగ్గుపడుతూనే, ఆ మాట నాకు మూడుసార్లు చెప్పింది. నాకూ సంతోషమే. కానీ ఫోను పెట్టేశాక నిద్ర పట్టలేదు. అందుకే తెల్లవారగానే ఈ ఉత్తరం మొదలుపెట్టాను. ఫోనులో చెబితే ‘సరే మామయ్యా’ అని నువ్వు వేరే పని చూసుకుంటావు.

ముందు నూనె సంగతి. రెండు సీసాలు ఖరీదైన తైలం అప్పుడే తెప్పించావట. సరే, కొన్నాక పారబోయక్కరలేదు. అయితే ఏ నూనె అయినా చర్మం దాటి కీలులోకి దిగి అరిగిన ఎముకను మళ్ళీ మొలిపించదు. నూనె చేసే పని చెయ్యి జారనివ్వడం, అంతే. మేలు చేసేది నీ చేతి ఒత్తిడి, వెచ్చదనం. ఇంట్లో ఉన్న నువ్వుల నూనె చాలు, ఒక్కో మోకాలికి రెండు మూడు చెంచాలు. దాన్ని పొయ్యి మీద పెట్టి కాచకు. వేడినీళ్ళ గిన్నెలో చిన్న గిన్నె ఉంచి వెచ్చబెట్టు. మా అమ్మలాగా కర్పూరం వేస్తే బాగుంటుందని ఎవరైనా అంటారు. వద్దు. కర్పూరం మంట దగ్గర భగ్గుమంటుంది, పైగా మీ ఇంట్లో రెండేళ్ళ పాప ఉంది. పసిపిల్లలు కర్పూరం కొంచెం మింగినా ఫిట్స్ రావచ్చు.

మీ అమ్మను నేల మీద కూర్చోబెట్టకు, లేచేటప్పుడు మళ్ళీ ఆ మోకాళ్ళ మీదే భారం పడుతుంది. మంచం మీద కాళ్ళు చాపించి, మోకాలి కింద చుట్టిన తువ్వాలు పెట్టు. అందరూ నొప్పి ఉన్న చోటే రుద్దుతారు. నువ్వు తొడతో మొదలుపెట్టు. మోకాలి పైన తొడ ముందువైపు ఉండే కండరమే నడిచేటప్పుడు కీలు మీద భారాన్ని ఆపుతుంది. నొప్పి వల్ల నడక తగ్గిన వాళ్ళలో అది ముందుగా బిగుసుకుపోయి సన్నబడుతుంది. అరచేత్తో మోకాలి నుంచి పైకి నిదానంగా ఒత్తుకుంటూ వెళ్ళు. తరువాత బొటనవేళ్ళతో చిప్ప చుట్టూ తేలికగా తిప్పు, చిప్ప మీద మాత్రం నొక్కకు. మోకాలి వెనక గుంటలో వేళ్ళు దిగనివ్వకు, అక్కడ రక్తనాళాలు, నరాలు పైపైనే ఉంటాయి. ఒక్కో కాలికి పది నిమిషాలు చాలు. కాలు లాగి ‘టక్’ మనిపించే విద్యలు వద్దు. మర్నాడు పొద్దున మోకాలు ఇంకా నొప్పిగానో వాపుగానో ఉంటే, నువ్వు ఎక్కువ నొక్కావన్నమాట.

ఇక కాపడం. గుప్పెడు వావిలాకు, రెండు గుప్పెళ్ళ రాళ్ళ ఉప్పు మూకుట్లో వెచ్చబెట్టి పాత నూలు గుడ్డలో మూట కట్టడం మన ఇంట్లో అలవాటే. జిల్లేడాకు మాత్రం తేవద్దు. దాని పాలు చర్మాన్ని పొక్కిస్తాయి, కంట్లో పడితే కన్నుకే ముప్పు. ఉప్పు మూటతో చిక్కేమిటంటే అది ఒకేలా వేడెక్కదు, లోపల ఒక గడ్డ నిప్పులా ఉంటుంది, పక్కది గోరువెచ్చగా ఉంటుంది. నన్నడిగితే వేడినీళ్ళలో ముంచి గట్టిగా పిండిన తువ్వాలే నయం. అది తనంతట తానే చల్లారుతుంది, మనిషి మరిచిపోయినా పెద్దగా కీడు చెయ్యదు. మర్దన నూనె తుడిచేసి, పైన పొడి గుడ్డ పరిచి, పదిహేను నిమిషాలు పెట్టు. నొప్పి మందు ఏదైనా రాసిన చోట పెట్టకు, ఆ మంటా ఈ వేడీ కలిసి చర్మం కాలుతుంది. మీ అమ్మ కునుకు తీస్తుంటే కాపడం తీసెయ్యి. ఎందుకు ఇంత గట్టిగా చెబుతున్నానో ఇప్పుడు చెబుతాను.

చిన్నప్పుడు నువ్వు తాతయ్య ఎడమ పాదం చూసి ‘వేళ్ళు ఏమయ్యాయి?’ అని అడిగేవాడివి గుర్తుందా? కాకి ఎత్తుకుపోయిందని ఆయన చెప్పేవారు. పెద్దయ్యాక నీకు సుగర్ పుండు అని చెప్పాం. అదీ పూర్తిగా నిజం కాదు. ఆ పుండు పెట్టింది నేను.

1991 డిసెంబరు. నువ్వు ఇంకా పుట్టలేదు, మీ అమ్మ అత్తవారింట్లో ఉంది. నాన్నకు అప్పటికి పన్నెండేళ్ళుగా సుగర్. ఆ చలికి చీలమండ పట్టేసిందని, పాదం మొద్దుబారినట్టు ఉందని అన్నారు. మొద్దుబారడం అన్న మాట నా చెవిన పడింది, కానీ దాన్ని నొప్పికి ఇంకో పేరు అనుకున్నాను. కట్టెల పొయ్యిలో ఇటుక కాల్చి, నీళ్ళు చిలకరించి, గోనెపట్టా చుట్టి, పాదానికి ఆనించి పట్టుకున్నాను. గోనె అంచులన్నీ నా వైపు మడతపెట్టాను, చేతికి కాలకుండా. ఆయన వైపు ఒక్క పొర మాత్రమే ఉంది. ఆ సంగతి ఆ క్షణంలో నాకు తట్టనే లేదు. నా చేతికి వెచ్చగా ఉంది కనుక ఆయనకూ అంతే అనుకున్నాను.

‘వేడిగా ఉందా నాన్నా?’ అని నాలుగైదు సార్లు అడిగి ఉంటాను. ‘హాయిగా ఉందిరా, ఇంకాసేపు ఉంచు’ అన్నారు. చెప్పింది అబద్ధం కాదు. పైన కాలికి నిజంగానే వెచ్చగా తగులుతోంది, పాదానికే ఏమీ తెలియడం లేదు. ఆయన అలాగే నిద్రపోయారు. ఇటుకను మంచం మీదే పాదానికి ఆనించి నేనూ వెళ్ళి పడుకున్నాను.

పొద్దున లేచి చూస్తే పాదం బయటి వైపున, చివరి రెండు వేళ్ళ మొదట్లో నిమ్మకాయంత పొక్కులు. ముట్టుకున్నా ఆయన ‘అబ్బా’ అనలేదు, అప్పుడు నాకు భయం వేసింది. అయినా ఆసుపత్రికి తీసుకుపోలేదు. సిగ్గు. నా చేత్తో నేను కాల్చానని ఎవరికి చెప్పను? ఇంట్లో ఉన్న మందేదో రాశాను. నొప్పి లేదుగా, మానిపోతుంది అని ఆయనే నాకు ధైర్యం చెప్పారు. ఐదు రోజులు అలా గడిచాయి. ఆరో రోజు వాసన వచ్చింది. ఆసుపత్రిలో రెండు వేళ్ళు తీసేశారు, పుండు మానడానికి నాలుగు నెలలు పట్టింది. సంక్రాంతి ఆసుపత్రి వరండాలోనే జరిగింది. నాన్న ఒక్క మాట అనలేదు. తరువాత కూడా కాళ్ళు నొప్పి పుడితే నన్నే పిలిచేవారు, వేరెవరినీ రానిచ్చేవారు కాదు. తిట్టి ఉంటే బాగుండేదని ఇప్పటికీ అనిపిస్తుంది.

సుగర్ ఏళ్ళ తరబడి ఉంటే నరాల స్పర్శ ముందు కాలివేళ్ళ కొసల్లో పోతుంది, తరువాత మెల్లగా పైకి పాకుతుంది. మీ అమ్మకు సుగర్ వచ్చి తొమ్మిదేళ్ళు. కాబట్టి ‘వేడిగా ఉందా?’ అని ఆమెను అడగకు. తువ్వాలైనా మూటైనా నీ మణికట్టు లోపలి వైపు ఆనించుకుని నిదానంగా పది లెక్కపెట్టు, కదలకుండా భరించగలిగితేనే ఆమె మీద పెట్టు. రెండు నిమిషాలకోసారి ఎత్తి చర్మం చూడు. లేత ఎరుపు ఫరవాలేదు, ముదురు ఎరుపో మచ్చలో కనబడితే అక్కడితో ఆపు.

అంతకన్నా ముందు, వెళ్ళిన రోజే ఒక పని చెయ్యి. ఆమెను కళ్ళు మూసుకోమని, రెండు పాదాల్లోనూ బొటనవేలు, మధ్యవేలు, చిటికెనవేలు, ఈ ఆరింటి కొసలను నీ చూపుడువేలి కొసతో ఒక్కొక్కటిగా తాకు. నొక్కకూడదు, గీరకూడదు, ఒకటి రెండు క్షణాలు ఈక వాలినట్టు తాకాలి. తగిలినప్పుడల్లా కుడి, ఎడమ అని చెప్పమను. చెప్పకపోతే అదే వేలిని మళ్ళీ తాకి అవకాశం ఇవ్వకు. ఆరింటిలో రెండు గానీ అంతకన్నా ఎక్కువ గానీ తెలియకపోతే పాదాల్లో స్పర్శ తగ్గిందని అర్థం. డాక్టరుకు చూపించి, ఆయన సరేననే దాకా మోకాళ్ళకు కూడా వట్టి మర్దనతో సరిపెట్టు. ఆరూ చెప్పినా, కాపడం మోకాళ్ళకే, పాదాలకు వద్దు. ఇది నా భయమే అనుకో, అయినా విను.

కొన్ని రోజుల్లో అసలు చెయ్యే వెయ్యకూడదు. కీలు ఎర్రగా కాలుతూ ఉబ్బి ఉండి, దానికి తోడు జ్వరం ఉంటే అది అరుగుదల నొప్పి కాదు, లోపల చీము పడుతూ ఉండవచ్చు. ఆ రోజే ఆసుపత్రికి వెళ్ళాలి. జ్వరం లేకపోయినా అలా ఎర్రబడి ఉబ్బిన కీలును వేడితో రెచ్చగొట్టకూడదు. కింద పడి దెబ్బ తగిలితే మొదటి రెండు రోజులు వేడీ మర్దనా రెండూ వద్దు, గుడ్డలో చుట్టిన మంచుముక్కలు పెట్టు, కాలు మోపలేకపోతే ఎక్స్‌రే తీయించు. ఒక్క కాలి పిక్క మాత్రమే ఉబ్బి, వెచ్చగా, నొప్పిగా ఉంటే, ముఖ్యంగా దూరప్రయాణం చేశాకో, ఆపరేషను అయ్యాకో, దాన్ని పొరపాటున కూడా పిసకకు. సిరలో రక్తం గడ్డకట్టి ఉంటే అది కదిలి ఊపిరితిత్తులకు చేరవచ్చు, ప్రాణం మీదికి రావచ్చు.

మర్దన వల్ల హాయి కొన్ని గంటలు ఉంటుంది. ఆ గంటలను ఊరికే పోనివ్వకు. కాపడం తీయగానే, మోకాలి కింద ఆ తువ్వాలు చుట్ట అలాగే ఉంచి, దాన్ని మోకాలితో కిందికి అదిమి ఐదు లెక్కపెట్టి వదలమను. ఒక్కో కాలికి పదిసార్లు. నువ్వు తిరిగి వెళ్ళిపోయాక ఆమెకు మిగిలేది ఇదే. నువ్వుండగానే అలవాటు చెయ్యి, లేకపోతే ‘చేస్తున్నానులే’ అని నీకు ఫోనులో చెబుతుంది, నాకు తెలుసు మా అక్క సంగతి.

అన్నట్టు, అరికాళ్ళకు నూనె అంటితే లేచే ముందు తుడవాలి. స్నానాల గది గడప దగ్గర గోనెపట్టా వెయ్యి, సున్నిపిండి ఆమె రుద్దుకునేటప్పుడు లోపల స్టూలు ఉండాలి.

నేను కనుమ నాటికి వస్తాను. ఈలోగా వేళ్ళ పరీక్ష చేసి, ఆరింటిలో ఎన్ని చెప్పిందో నాకు ఫోను చెయ్యి. ఆరూ చెప్పినా ఫోను చెయ్యి. ఇటుక సంగతి మీ అమ్మకు తెలియదు, నేనే వచ్చి చెప్పుకుంటాను.

మీ మామయ్య