చైర్మన్, చైర్‌పర్సన్: ఒక యువ రచయితకు లేఖ

బ్రాడీపేట,
గుంటూరు.

చిరంజీవికి ఆశీస్సులు.

నీ కథ అందింది. మిర్చి కోల్డ్ స్టోరేజీ తగలబడుతుంటే ఆ ఘాటుకు రోడ్డు మీద పోయేవాళ్లు సైతం దగ్గుతూ కళ్లు తుడుచుకోవడం చక్కగా కుదిరింది. నిర్మాణం గురించి మరో ఉత్తరంలో రాస్తాను. ఇప్పుడు పదవులకూ వృత్తులకూ నువ్వు వాడిన పేర్ల గురించి మాత్రమే చెబుతాను.

ప్రమాదస్థలానికి ‘మార్కెట్ యార్డు చైర్మన్’, ఆయన వెనుకే ‘జిల్లా పరిషత్ చైర్‌పర్సన్’ వచ్చినట్టు రాశావు. మొదటివారు పురుషుడు, రెండోవారు స్త్రీ. ఈ తేడా నువ్వు ఆలోచించి పెట్టింది కాకపోవచ్చు. మన వార్తల్లో పాతుకుపోయిన అలవాటే నీ కలంలోకీ వచ్చింది. కానీ చైర్‌పర్సన్ అనే మాట పుట్టిందే కుర్చీలో ఎవరున్నా ఒకే పేరు ఉండాలని. దాన్ని స్త్రీలకే కేటాయిస్తే అది చైర్మన్‌కు స్త్రీలింగ రూపంగా మిగిలిపోతుంది, అసలు ప్రయోజనం పోతుంది. కాబట్టి ఇద్దరికీ చైర్‌పర్సన్ అనే రాయి, లేదా ఇద్దరికీ ‘అధ్యక్షులు’ అని రాయి. పాత్రల స్థానాలు తారుమారు చేసి చదివినప్పుడు పదవి పేరు కూడా మార్చాల్సి వస్తోందంటే, ఆ వాక్యంలో ఇంకా పని మిగిలి ఉందని అర్థం.

ఈ మార్పు కొందరి ముచ్చట కోసం వచ్చింది కాదు. మన రాజ్యాంగం ఆంగ్ల పాఠమే తీసుకో. 1950 నాటి అధికరణాల్లో రాజ్యసభకు అధిపతి ‘చైర్మన్’, ఆ మాట నేటికీ అలాగే ఉంది. 1992 నాటి 73, 74వ సవరణలతో చేరిన పంచాయతీ, మునిసిపాలిటీ భాగాల్లో మాత్రం ‘చైర్‌పర్సన్’ అని ఉంటుంది. ఆ సవరణలే స్థానిక సంస్థల్లో మూడో వంతుకు తగ్గకుండా స్థానాలను స్త్రీలకు కేటాయించాయి. పుంలింగ పదంలో స్త్రీలు కూడా చేరతారని 1897 నాటి జనరల్ క్లాజుల చట్టం ఎప్పుడో చెప్పింది గనుక చట్టం దృష్టిలో పాత మాటతోనూ పని జరిగేది. అయితే చదివేవారి మనసులో బొమ్మ కట్టేది చట్టం కాదు, మాట. క్రికెట్ నియమాలను చూసే ఎంసీసీ 2021లో బ్యాట్స్‌మన్‌ను ‘బ్యాటర్’గా మార్చడానికీ కారణం ఇలాంటిదే.

ఇక ‘ఫైర్‌మన్లు’ దగ్గర నీకు ఇంగ్లీషు అవసరమే లేదు. అగ్నిమాపక సిబ్బంది అనే మాట మనకు ఎప్పటినుంచో ఉంది, అందులో లింగం లేదు. చిక్కల్లా ఒక్క మనిషిని చూపాల్సి వచ్చినప్పుడే. ‘సిబ్బందిలో ఒకరు నిచ్చెన ఎక్కారు’ అంటే సరిపోతుంది. నియామక ప్రకటనను యథాతథంగా ఉదహరిస్తున్నప్పుడు మాత్రం అందులో ఉన్న హోదా పేరును దిద్దకు.

తెలుగులో అసలు కీలకం నామవాచకంలో కంటే క్రియలో ఉంది. ఏకవచనంలో ‘వచ్చాడు’ పురుషుడికి, ‘వచ్చింది’ స్త్రీకీ పశువుకూ వస్తువుకూ. బహువచనంలో ‘వచ్చారు’ మనుషులందరికీ. గౌరవార్థంలో ఒక్కరికీ అదే వాడతాం గనుక చైర్‌పర్సన్ ‘వచ్చారు’ అనగానే లింగం కనిపించకుండా పోతుంది. ఇంతవరకూ సుఖమే. కానీ నీ ఏడో పేజీ చూడు: కలెక్టర్ ‘పరామర్శించారు’, కాయల తొడిమలు తీసే కూలీ ‘ఏడ్చింది’. ఇద్దరూ స్త్రీలే. ఒకరికి ‘రు’, మరొకరికి ‘ది’ ఇచ్చింది లింగం కాదు, హోదా. పేర్లెన్ని సరిదిద్దినా ఈ అసమానత అలాగే ఉండిపోతుంది. నా దృష్టిలో చైర్మన్ కంటే ఇదే పెద్ద లోపం. కథకుడు అందరికీ ఒకే మర్యాద పాటించాలి. పాత్రలు తమలో తాము ఎలా పిలుచుకున్నా అది వాళ్ల సంగతి.

‘మానవుడు నిప్పును లొంగదీసుకున్నాడు’ అన్న నీ ముగింపు వాక్యంలోనూ ఇదే గొడవ ఉంది. ‘మానవజాతి’ అంటే పాఠ్యపుస్తకం వాసన వేస్తుందని నీకు అనిపిస్తే ‘మనుషులు లొంగదీసుకున్నారు’ అను. వాక్యం తేలికపడుతుంది కూడా. ‘అధ్యక్షవ్యక్తి’ లాంటి మాటల జోలికి మాత్రం పోవద్దు, ఎవరూ పలకరు. ‘మహిళా డాక్టర్’ అన్నచోట ‘మహిళా’ తీసెయ్యి; ఆమె స్త్రీ కావడం నీ కథకు అవసరమైన చోట మాత్రం దాచకు.

సంభాషణల్లో వేలు పెట్టకు. నీ హమాలీ ‘ఫైరింజనోళ్లు వచ్చారు’ అంటాడు. ఆ మాటలో ఆడా మగా తేడా ముందే లేదు, దాన్ని అలాగే ఉండనివ్వు.

దిద్దిన ప్రతి పంపు.

ఇట్లు,
నీ శ్రేయోభిలాషి