వాకర్‌ ఏది, రోలేటర్‌ ఏది: ఫోటోలో పాదాలు చూడండి

“అమ్మకు తుంటి ఎముక ఆపరేషన్ అయింది. వాకర్ కొనమన్నారు. ఫోటోల్లో అన్నీ ఒకేలా కనిపిస్తున్నాయి. ఏది దేనికో ఎలా గుర్తుపట్టాలి?”

నేను ఫిజియోథెరపిస్టును. ఇలాంటి ఫోటోలు నాకు తరచూ వస్తుంటాయి. నేను ముందు చూసేది కింది భాగమే. నాలుగు కాళ్లకూ రబ్బరు తొడుగులు ఉంటే అది మామూలు వాకర్. దాన్ని ఎత్తి ముందుకు పెట్టి, ఆ తర్వాత అడుగు వేయాలి. ముందు కాళ్లకు చక్రాలు, వెనక కాళ్లకు రబ్బరు ఉంటే అదీ వాకరే. ఎత్తే శ్రమ ఉండదు, బరువు మోపితే వెనక కాళ్లు నేలను పట్టుకుంటాయి.

అన్ని కాళ్లకూ చక్రాలు, పిడుల దగ్గర సైకిల్‌కు ఉన్నట్టు బ్రేకులు, వాటి నుంచి కిందికి దిగే తీగలు ఉంటే అది రోలేటర్. చాలావాటికి మధ్యలో కూర్చునే సీటు ఉంటుంది. రెండు కాళ్ల మీదా నిలబడగలిగి, కాస్త దూరం నడిస్తే ఆయాసపడేవారికి ఇది చక్కగా పనికొస్తుంది. కాలు మీద పూర్తి బరువు వేయకూడని వారికి మాత్రం ప్రమాదం.

తుంటి ఆపరేషన్ అయిన ఒక పెద్దాయనకు, సీటు ఉంది కదా అని కొడుకు రోలేటర్ కొన్నారు. ఆయన మంచం మీద నుంచి లేస్తూ పిడుల మీద బరువు మోపగానే అది ముందుకు జారింది. పక్కనే ఉన్నాను కాబట్టి పట్టుకోగలిగాను. బ్రేకు పిడిని కిందికి నొక్కితే చక్రాలు బిగుసుకుంటాయి. కానీ లేచే తొందరలో, నొప్పిలో అది ఎవరికి గుర్తుంటుంది? ముందు చక్రాల వాకర్‌కు మార్చాక, మంచం అంచును చేతులతో నొక్కి లేచి, నిలబడ్డాకే పిడులు పట్టుకోవడం నేర్పించాను. మీ అమ్మగారికీ అదే అలవాటు చేయించండి.

పైనుంచి తీసిన ఫోటోలో చక్రాలు కనబడవు. పాదాలు కనిపించే ఫోటో అడగండి. సీటు మధ్యలో రంధ్రం, కింద బకెట్ ఉంటే అది మరుగుదొడ్డి కుర్చీ. చూడటానికి వాకర్‌లాగే ఉన్నా, నడవడానికి కాదు.

చంకకర్రలకు పైన మెత్త ఉంటుంది. బరువు మాత్రం చేతుల మీదే పడాలి. చంకలో మోపితే నరాలు నలుగుతాయి. మోచేతి కర్రలకు ముంజేతిని పట్టే కడియం ఉంటుంది. రెండింటికీ చేతుల్లో బలం, ఒంటికి నిలకడ కావాలి కాబట్టి పెద్ద వయసువారికి ఆపరేషన్ అయిన కొత్తలో నేను సాధారణంగా చెప్పను. చేతికర్ర, అది నాలుగు పాదాలదైనా సరే, ఆ తర్వాతి దశకు. దాన్ని ఆపరేషన్ అయిన కాలికి ఎదురువైపు చేతిలో పట్టుకోవాలి.

కొనేముందు ఆ కాలి మీద ఎంత బరువు వేయవచ్చో సర్జన్‌ను అడగండి. ఇంటికి తెచ్చాక అమ్మగారిని నిటారుగా నిలబెట్టి, చేతులు వదులుగా వేలాడేయమనండి. పిడి సరిగ్గా మణికట్టు ముడత దగ్గరకు రావాలి.