ఊరేగింపులో చెయ్యి పరిగెడుతుంటే: మా పెద్ద డ్రమ్ము తాత చేయించింది

ప్రశ్న: మావాడికి 16 ఏళ్ళు. ఈ పెళ్ళిళ్ళ సీజన్‌లో బ్యాండుమేళంలో సైడు డ్రమ్ముకి చేరాడు. ఇంట్లో బాగానే వాయిస్తాడు. ఊరేగింపులో జనాన్ని చూడగానే టెన్షన్‌తో స్పీడు పెంచేస్తున్నాడు, మేళంలో వాళ్ళు తిడుతున్నారట. ఎవరికైనా ఇలా అయిందా? ఎలా తగ్గింది?

జవాబు:

నాకు అయింది. 2002లో, ఒడిశాలోని పర్లాకిమిడిలో. అప్పుడు నాకు 15 ఏళ్ళు. మా మేళంలో సగంమంది తెలుగువాళ్ళం, సగంమంది ఒడియావాళ్ళు. పెళ్ళి మా ఊళ్ళో ఉన్నా, పక్కనే ఆంధ్రాలో పాతపట్నంలో ఉన్నా మేమే వెళ్ళేవాళ్ళం. పాటలు మారేవి గాని దెబ్బ ఎక్కువగా ఒకటే, తకిట తకిట అని మూడు మూడుగా నడిచే దెబ్బ. జనం ఎగిరేది దానికే.

నా మొదటి ఊరేగింపు ఒక ఒడియా పెళ్ళికొడుకుది. ఇల్లు కదిలేటప్పుడు ఆడవాళ్ళు ఒక్కసారిగా నాలుక ఆడిస్తూ హుళహుళి కూత అందుకున్నారు, వీధి మలుపులో టపాకాయల సరం పేలింది. నా గుండె ఎంత వేగంగా కొట్టుకుందో చేతులూ అంత వేగంగా పోయాయి. నాకు మాత్రం అంతా సరిగ్గానే ఉన్నట్టనిపించింది. క్లారినెట్ మామ ఊపిరి అందక మధ్యలో స్వరాలు మింగేస్తూ నావైపు గుడ్లురిమాడు. ఎగిరే కుర్రాళ్ళ కాళ్ళు తడబడ్డాయి.

పెద్ద డ్రమ్ము వాయించే తాత నన్ను ఆపలేదు, నా వెంట పరిగెత్తనూ లేదు. అప్పటిదాకా వేస్తున్న దెబ్బల్లో చాలావాటిని వదిలేసి, ఆవృత్తం, అంటే మళ్ళీ మళ్ళీ తిరిగొచ్చే దెబ్బల చుట్టు, దాని మొదటి దెబ్బ ఒక్కటే గట్టిగా వేయడం మొదలుపెట్టాడు. ధం. మళ్ళీ ధం. దాని పక్కన నా దెబ్బలు ఎంత ముందుగా పడుతున్నాయో అప్పుడు వినపడింది. నాలుగైదు ఆవృత్తాల్లో వచ్చి కలిశాను. నన్ను వెనక్కి లాగాలని ఆయన కూడా నెమ్మదించి ఉంటే మేళం మొత్తం సాగిపోయేదని, అందుకే ఎవరు ఎటు పోయినా ఒకడు కదలకుండా ఉండాలని తర్వాత చెప్పాడు.

మర్నాడు పొద్దున్న నన్ను వాళ్ళ అరుగు మీద కూర్చోబెట్టి పుల్లలు పట్టుకోమన్నాడు. పట్టుకున్నాను. ఆయన నా బొటనవేలి గోరు చూశాడు. తెల్లగా ఉంది.

"ఏటిరా గుంటడా, పుల్ల పారిపోతదనా?"

భయపడిన చెయ్యి ముందు పిడికిలి బిగిస్తుంది. బిగిస్తే పుల్ల తోలు మీద పడి తనంతట తాను లేవదు, ప్రతి దెబ్బకీ మణికట్టుతో ఎత్తుకోవాలి. పది నిమిషాల్లో చెయ్యి నొప్పెడుతుంది, ఆ నొప్పి తొందరగా అయిపోవాలని చెయ్యి తొందరపడుతుంది. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పుల్ల తిరగాలి, మిగతా మూడు వేళ్ళు ఊరికే ఆనుకుని ఉండాలి. ఆయన ఇంకో సంగతి కూడా గమనించాడు. హుషారు వచ్చినప్పుడు నేను ఒక దెబ్బకి పుల్లని జానెడు ఎత్తి, తర్వాతిదానికి నాలుగు వేళ్ళే ఎత్తుతున్నాను. ఎత్తు మారితే పుల్ల కిందికి చేరే సమయమూ మారుతుంది. ఆ వారం అంతా రెండు పుల్లలూ ఒకే ఎత్తుకి, అంటే అరచెయ్యి వెడల్పుకి మించి లేవకుండా వాయించాను. సప్పగా ఉంది, గాని తేడా వచ్చింది.

ఇక స్పీడు పెరగడం గురించి. నేను ఒప్పుకోలేదు. "నేను బేగి ఎల్లలేదు తాతా, వాళ్ళే నెమ్మదించారు" అన్నాను. ఆయన చేతి గడియారం విప్పి అరుగు మీద పెట్టాడు. నన్ను వాయించమని, 15 సెకన్లలో ఎన్ని తకిటలు పడ్డాయో వేళ్ళ మీద లెక్కపెట్టాడు. 26. నాలుగుతో పెంచితే నిమిషానికి 104. ఎగరడానికి సరిగ్గా సరిపోయే నడక. తర్వాత వీధిలో పిల్లల్ని పోగేసి, కేకలేసి చప్పట్లు కొట్టమని, అయిదు నిమిషాలు పోయాక మళ్ళీ లెక్కపెట్టాడు. 31. అంటే నిమిషానికి 124. నేను ఒక్కసారి కూడా పెంచాననుకోలేదు. పరిగెత్తేవాడికి తాను పరిగెడుతున్నట్టు తెలియదు, అందుకే తిడితే లాభం లేదు. మీవాడికి ముందు ఈ లెక్క చూపించండి. ఫోనులో రికార్డు చేసి మొదటి 15 సెకన్లూ చివరి 15 సెకన్లూ వాణ్ణే లెక్కపెట్టుకోమంటే చాలు. ఒకటి రెండు దెబ్బల తేడా ఎవరికైనా ఉంటుంది. నాలుగైదు ఉంటే అది పరుగే.

స్పీడు ఎక్కడ దొర్లుతోందో ఆయన ఆ రోజే పట్టుకున్నాడు. నా చివరి 'ట'లో. తకిట తకిట అని వాయిస్తున్నప్పుడు ఆఖరి 'ట' పూర్తిగా పలకకముందే తర్వాతి 'త' మీదికి దూకుతున్నాను. ఒక్కసారి దూకితే ఎవరికీ తెలియదు. వంద ఆవృత్తాలు దూకితే 104 కాస్తా 124 అవుతుంది. అందుకని పుల్లలు లాక్కుని నోటితో అనమన్నాడు. 'ట' దగ్గర పెదవులు మూయకుండా దాన్ని పూర్తిగా విడిచిపెట్టాకే 'త' అనాలి. అలా గొణుగుతూ మహేంద్రతనయ ఏటి ఒడ్డుదాకా నడిచి వెనక్కి వచ్చాం. (దారిలో కనిపించినవాళ్ళు మంత్రం నేర్పుతున్నాడేమో అనుకుని ఉంటారు.) గొణగడంలో ఇంకో లాభం ఉంది. నోటితో అంటూ ఉంటే ఊపిరి బిగబట్టడం కుదరదు. నేను జనాన్ని చూసి ఊపిరి బిగబట్టేవాణ్ణని నాకు అప్పుడే తెలిసింది.

రోలు వాయించొద్దన్నాడు. నెల రోజులు. ఆవృత్తం చివర గిరగిరా వాయించి 'త' మీద పడటం సైడు డ్రమ్ము వాడికి మహా సరదా, కాని చాలామంది 'ట'ని తినేసేది అక్కడే. బోడి దెబ్బే వాయించాలి. మిగతా కుర్రాళ్ళు ఏడిపించారు, ఏడిపించనీ అన్నాడు.

ఇదంతా అరుగు మీది పాఠం. వీధిలో అసలు చిక్కు కాళ్ళది. కాళ్ళతో కలిపి వాయించమని అందరూ చెబుతారు. కవాతులో అది సరిపోతుంది. పెళ్ళి ఊరేగింపు కవాతు కాదు. మనిషి మామూలుగా నడిస్తే నిమిషానికి 100, 110 అడుగులు పడతాయి, అది మా దెబ్బకి దగ్గరే. కాని పెళ్ళికొడుకు కారు ముందు ఎగిరేవాళ్ళు కదిలితేనే మేళం కదులుతుంది. పది అడుగులు వేస్తే రెండు నిమిషాలు ఆగాలి. ఆగగానే కాళ్ళు నిలబడిపోతాయి, అప్పటిదాకా కాళ్ళని నమ్ముకున్న చేతులు దిక్కులేనివై ఎదురుగా ఎగిరేవాడి కాళ్ళని పట్టుకుంటాయి. వాడు తాగి ఉన్నాడంటే ఇక చెప్పక్కర్లేదు.

తాత చెప్పినది ఇది. ముందుకు వెళ్ళినా, నిలబడినా ఎడమ మడమ ప్రతి తకిటకీ లేచి నేలని తాకాలి. దారి ఉంటే అదే మడమ జానెడు ముందు పడుతుంది, లేకపోతే ఉన్నచోటే పడుతుంది. ముందుకు పోవడం మానొచ్చు, మడమ మానకూడదు. కళ్ళు ఎగిరేవాళ్ళ మీద కాదు, ఆయన పెద్ద డ్రమ్ము కర్ర మీద ఉండాలి. కర్ర కొసకి చుట్టిన గుడ్డ ముద్ద మురికిపట్టి నల్లగా ఉండేది, ట్యూబులైట్ల వెలుగులో ఆ నల్లముద్ద వెనక్కి వెళ్ళడం బాగా కనిపించేది. దెబ్బ వినపడ్డాక వాయిస్తే ఆలస్యం. కర్ర వెనక్కి వెళ్ళినప్పుడే దెబ్బ ఎక్కడ పడుతుందో తెలుస్తుంది.

ఇందుకే నన్ను తన ఎడమ భుజానికి మూరెడు దూరంలో నడిపించాడు. మేళం సందులో పొడుగ్గా సాగితే ముందువాడికీ వెనకవాడికీ మధ్య 15, 20 మీటర్లు వస్తాయి. అంత దూరం చప్పుడు రావడానికే సెకనులో ఇరవయ్యో వంతు పడుతుంది. మా నడకలో తకిట మొత్తం సెకనులో ఆరు పదో వంతులు కూడా లేదు కాబట్టి ఆ కాస్త ఆలస్యమూ చెవికి తెలుస్తుంది. దానికితోడు ఇరుకు సందుల్లో గోడకి కొట్టుకుని తిరిగొచ్చే చప్పుడు రెండో డ్రమ్ములా వినిపిస్తుంది. కొత్తవాణ్ణి వరస చివర నిలబెట్టే మేళంలో తప్పు వాడిది కాదు. మీవాడు ఎక్కడ నిలబడుతున్నాడో కనుక్కోండి. పెద్ద డ్రమ్ముకి దూరంగా ఉంటే పెద్దాయన ఎవరినైనా బతిమాలి దగ్గరికి మార్పించండి.

నెల తర్వాత పాతపట్నంలో ఒక తెలుగు పెళ్ళి. ఊరేగింపు రైలు గేటు దగ్గర ఆగిపోయింది. అప్పట్లో నౌపడా గుణుపురం లైను మీద ఇంకా చిన్న పట్టాల రైలే నడిచేది, అది వచ్చేదాకా గేటు లేవదు. వెనక పెళ్ళికొడుకు కారు, ముందు గేటు కర్ర, మధ్యలో మేము. ఎగిరేవాళ్ళకి ఇంతకన్నా మంచి చోటు దొరకదు కదా, రెచ్చిపోయారు. నేను మడమ లేపుతూ, గొణుగుతూ, నల్లముద్ద చూస్తూ ఉన్నాను. దూరంగా కూత వినపడింది. రైలు దగ్గరికొచ్చి పట్టాల అతుకుల మీద టకటక, టకటక అని మొదలుపెట్టింది. మూడు కాదు, రెండు రెండు. మా దెబ్బకి అడ్డం. కడుపులో తిప్పినట్టయింది, చేతులు అటు జారబోయాయి. తాత నావైపు చూడలేదు గాని, మొదటి రాత్రిలాగే మిగతావి వదిలేసి ఒక్క ధం మాత్రం ఉంచాడు. 'ట' పూర్తిగా విడిచిపెట్టాను. మళ్ళీ విడిచిపెట్టాను. ఆఖరి పెట్టె దాటిపోయింది, చప్పుడు సన్నబడింది, మేము ఉన్నచోటే ఉన్నాం.

తాత ఎడంచెయ్యి డ్రమ్ము అంచుకి ఆనించి గడియారం చూసుకుంటూ పెదవులు కదిపాడు. 27 అన్నాడు. గేటు కర్ర లేచింది.

"ఇంక ఒక్క రోలు ఏసుకోరా" అన్నాడు.

వేశాను. కొంచెం పరిగెత్తింది.