ఒకే రిపోర్టు ముగ్గురికి మూడు రకాలుగా: అమ్మాయి ఉద్యోగం మాన్పించాలా?

ప్రశ్న: మాది ఒడిశాలోని పర్లాకిమిడి. మా అమ్మాయి పదో తరగతితో లెక్కలు వదిలేసి, బీఏ చేసి ఇక్కడే ఒక స్వచ్ఛంద సంస్థలో డాక్యుమెంటేషన్ పనిలో చేరింది. ఒకే రిపోర్టును డైరెక్టరుకు ఒకలా, ఆడిటరుకు ఒకలా, బడుల్లో వంట చేసేవాళ్ళకు ఒకలా కుదించి రాయమంటారట. ఏది రాసినా తిప్పి కొడుతున్నారు. ఇంటికొచ్చి ఏడుస్తోంది. ఇది ఎదుగుదల ఉన్న పనేనా? మాన్పించి హైదరాబాదులో కొన్ని నెలల డేటా సైన్స్ కోర్సులో చేర్పిద్దామా? అందరూ చేస్తున్నారు కదా!

జవాబు: అయ్యా, మాన్పించకండి. ఆ కోర్సు సంగతి తర్వాత చెబుతాను. ముందు మిమ్మల్ని ఒకటి అడగాలి. అమ్మాయి ఏడుస్తోందని రాశారు, సరే. తిరిగొచ్చిన ఆ కాగితాల్లో ఒక్కటైనా మీరు చదివారా? చదివి ఉంటే ఈ ప్రశ్న ఇలా రాసేవారు కాదు. ఆమెకు ఇంగ్లీషు రాక కాదు, తెలివి లేకా కాదు. పెద్ద రిపోర్టును ఐదు పేజీలు చేసి, దాన్నే రెండు పేజీలు చేసి, మళ్ళీ దాన్నే అర పేజీకి కోస్తూ ఉండి ఉంటుంది. ఈ పనిలోకి కొత్తగా వచ్చినవాళ్ళలో చాలామంది చేసే పొరపాటే ఇది. ఎంత పొడవు రాయాలన్నది చివర తేలే సంగతి. ఇది చదివాక ఈ మనిషి ఏం చేయాలి అన్నది మొదటి ప్రశ్న.

ఉదాహరణకు ఆ రిపోర్టు మధ్యాహ్న భోజనం మీద 60 పేజీల తనిఖీ నివేదిక అనుకుందాం. 40 బడులు చూశారు. 9 బడుల్లో ఆరోజు వచ్చిన పిల్లల్ని లెక్కపెట్టకుండా, పేరు నమోదైన పిల్లలందరికీ బియ్యం తీశారు. ప్రైమరీ పిల్లవాడికి రోజుకు 100 గ్రాముల బియ్యం అన్నది నిబంధన. ఒక బడిలో నమోదు 80 మంది, వచ్చింది 62 మంది. తీయాల్సింది 6 కిలోల 200 గ్రాములు, రిజిస్టరులో రాసింది 8 కిలోలు. తేడా రోజుకు 1.8 కిలోలు. ఆ నెలలో వంట జరిగిన 22 రోజులూ హాజరు అంతే ఉందనుకుంటే 39.6 కిలోలు.

అమ్మాయిని ముందుగా ఆడిటరు కాగితం రాయమనండి. అందరూ డైరెక్టరుది ముందు రాస్తారు, చిక్కంతా అక్కడే మొదలవుతుంది. ఆడిటరు ఎవరి మాటా నమ్మి సంతకం పెట్టడు, స్వయంగా వెళ్ళి సరిచూసుకుంటాడు. అతనికి కావలసింది ఏ అంకె ఎక్కడి నుంచి వచ్చిందో చూపే దారి. అందుకే అతని సంక్షిప్తం మూడింటిలోకీ పొడుగ్గా ఉంటుంది, నాలుగైదు పేజీలైనా తప్పు లేదు. ఒక్కో విషయానికీ ఉండాల్సింది ఏమిటి, ఉన్నది ఏమిటి, కారణం, ఫలితం అనే వరసలో రాయాలి. ప్రతి అంకె పక్కనా హాజరు రిజిస్టరులో ఏ తేదీ, స్టాకు రిజిస్టరులో ఏ పేజీ, అసలు రిపోర్టులో ఏ పేరా అన్నది ఉండాలి. కారణం తేలకపోతే తేలలేదనే రాయాలి. ఆ 39.6 కిలోలు ఎవరో తీసుకెళ్ళి ఉండవచ్చు, నిజంగానే వండి పారబోసి ఉండవచ్చు, పిల్లలకు రెండోసారి వడ్డించి ఉండవచ్చు. అక్కడ ‘తీవ్రమైన అవకతవకలు’ అని రాస్తే మన దగ్గర రుజువు లేని నేరాన్ని ఒకరి మీద మోపినట్టే. ఆ మాట కనిపించిందంటే కాగితం తిరిగి రావడం న్యాయమే.

ఆ కాగితం చేతిలో ఉంటే మిగతా రెండూ దానిలోంచే తీసుకోవచ్చు. డైరెక్టరుకు ఒక్క పేజీ. ఆయన నిర్ణయించాల్సింది మొదటి మూడు వాక్యాల్లోనే రావాలి: చూసిన 40 బడుల్లో 9 చోట్ల హాజరును బట్టి కాకుండా నమోదును బట్టి బియ్యం తీస్తున్నారు, మిగతా బడుల్లో ముందు చెప్పకుండా వెళ్ళి తూకం చూడాలి, దానికి మీ అనుమతి, ఇద్దరు మనుషులు కావాలి. రిజిస్టరు పేజీల నంబర్లు ఆయనకు అక్కర్లేదు. కానీ ఒక్క మాట ఎంత కుదించినా పోకూడదు. ఆ 40 బడుల్నీ ఫిర్యాదులు వచ్చిన చోట్ల నుంచే ఎంచుకున్నారనుకోండి, ఆ సంగతి అంకె పక్కనే ఉండాలి.

దీని మీద నాకు పట్టుదల ఎక్కువ. కౌన్సెలింగులోకి రాకముందు నేను ఒక ఆఫీసులో ఇదే పని చేశాను. వాక్యం పొడుగైందని పైవాళ్ళు ‘చూసిన బడుల్లో’ అన్న రెండు మాటలు కొట్టేయించారు, నేనూ ఊరుకున్నాను. మా పెద్దాయన నిండు మీటింగులో ఆ అంకెను జిల్లా మొత్తానికి చెప్పారు. ఏ తప్పూ లేని బడుల హెడ్మాస్టర్లు వారం రోజులు సంజాయిషీలు రాసుకున్నారు. ఉదాహరణలు, వర్ణనలు, నేపథ్యం ఎన్నైనా తీసేయవచ్చు. అంకెకు హద్దు చెప్పే మాటను మాత్రం తీయకూడదు. ఇంకొకటి, ఒకరికి ‘సుమారు 40 కిలోలు’ అనీ ఇంకొకరికి ‘39.6’ అనీ రాయకూడదు. రెండు కాగితాలూ ఒకే బల్ల మీదకు వచ్చిన రోజున రెండింటి మీదా నమ్మకం పోతుంది.

ఇక వంట చేసే సంఘం మహిళలకు రాసేది. తేలికనుకుంటారు గానీ చేయి తిరగాల్సింది ఇక్కడే. అర పేజీ చాలు. ‘పొద్దున పిల్లల్ని లెక్కపెట్టాకే బియ్యం తీయండి. ఒక్కొక్కరికి 100 గ్రాములు. 62 మంది వస్తే 6 కిలోల 200 గ్రాములు. తీసినంతే, తీసిన వెంటనే రాయండి.’ ఆ పైన లెక్క ఎందుకో ఒక్క వాక్యం. 9 బడుల ఊసు ఇందులో ఎత్తకూడదు. ఎత్తితే ఆ తొమ్మిదిలో మన బడి ఉందా అన్న భయమే మిగులుతుంది, పని మారదు. రాశాక ఒకామెకు చదివి వినిపించి, కాగితం వెనక్కి తీసుకుని, ‘రేపు పొద్దున ఏం చేస్తావమ్మా?’ అని అడగాలి. ముందు పిల్లల్ని లెక్కపెడతానంటే కాగితం కుదిరింది. జాగ్రత్తగా ఉంటానండీ అంటే కుదరలేదు, మళ్ళీ రాయాలి.

మీ అమ్మాయి బలం ఇక్కడే ఉంది, మీకు కనపడటం లేదు. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, ఆఫీసులో ఇంగ్లీషు. మీ జిల్లా కొండ ఊళ్ళలో సవర మాట్లాడేవాళ్ళున్నారు. ఇంగ్లీషు కాగితాన్ని వాక్యానికి వాక్యం ఒడియాలోకి మారిస్తే వంటమనిషికి అందదు. ఆమె మాటలోనే మొదటి వాక్యం పుట్టాలి. ఆ పని హైదరాబాదులో కూర్చున్నవాళ్ళు చేయలేరు.

డేటా సైన్స్ మంచి విద్యే, నాకు దాని మీద కోపం లేదు. నాకున్న అనుమానం కొన్ని నెలల కోర్సు మీద. ఆ విద్యకు పునాది గణాంకశాస్త్రం, గణితం. పదో తరగతితో లెక్కలు వదిలేసిన పిల్ల చేత ఆ పునాది వేయించకుండా సాఫ్ట్‌వేర్ మీటలు నేర్పితే, ఇంటర్వ్యూలో రెండో ప్రశ్నకే ఆగిపోతుంది. అలా ఆగిపోయి తిరిగొచ్చిన పిల్లలు నా ముందు కూర్చున్నారు. వాళ్ళ తండ్రులు చెప్పిన మాట మీరు రాసిందే: అందరూ చేస్తున్నారు కదా అని. పైగా 40 బడుల లెక్క జిల్లా లెక్క కాదని పట్టుకోవడమూ గణాంకాల పనే. అది మీ అమ్మాయికి ఇప్పుడు జీతమిచ్చి నేర్పుతున్నారు.

ఆర్నెల్లు ఆగండి. ఈ ఆదివారం ఆ మూడు కాగితాలూ తెమ్మని, వంటవాళ్ళది మీ ఇంట్లోనే గట్టిగా చదివించండి. విన్నాక రేపు ఏం చేయాలో వాళ్ళమ్మగారికి అర్థమైతే సోమవారం దాన్ని ఆఫీసుకు పట్టుకెళ్ళమనండి. అర్థం కాకపోతే ఎక్కడ ఆగిందో ఆ మాట కింద పెన్సిలుతో గీత పెట్టించండి.